విదేశీ సప్లయర్ స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ నోట్, డెబిట్ నోట్: ఎలా చదవాలి, ఎంట్రీ ఎలా వేయాలి

దిగుమతులు చేసుకునే సంస్థల్లో లెక్కలు చూసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది: "సప్లయర్ వాళ్ళు క్రెడిట్ నోట్ పంపారు. టాలీలో క్రెడిట్ నోట్‌లో వేయాలా, డెబిట్ నోట్‌లో వేయాలా?" డెబిట్ నోట్‌లో వేయాలి. అయితే ఆ ఒక్క మాట తెలిస్తే పని అయిపోదు. నోటు వచ్చిన కారణాన్ని బట్టి రేటు మారుతుంది, బ్యాంకులో చేయాల్సిన పని మారుతుంది, ఒక్కోసారి కస్టమ్స్ వరకూ వెళ్ళాల్సి వస్తుంది. అందుకే ఒక స్టేట్‌మెంట్‌ను మొదటి నుంచి చివరి వరకూ కలిపి చూద్దాం.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక సంస్థ చైనా నుంచి బేరింగులు తెప్పించుకుంటోంది అనుకుందాం. మార్చి 31 నాటికి సప్లయర్ పంపిన స్టేట్‌మెంట్ ఇలా ఉంది. అంకెలన్నీ అమెరికన్ డాలర్లలో.

| తేదీ | వివరం | డెబిట్ | క్రెడిట్ | నిల్వ |
|---|---|---|---|---|
| జనవరి 1 | పాత బాకీ | | | 12,400 |
| జనవరి 8 | INV 1043 | 18,600 | | 31,000 |
| జనవరి 20 | చెల్లింపు | | 12,370 | 18,630 |
| ఫిబ్రవరి 5 | CN 0217, INV 1043లో తక్కువ వచ్చిన సరుకు | | 930 | 17,700 |
| ఫిబ్రవరి 18 | INV 1061 | 9,500 | | 27,200 |
| ఫిబ్రవరి 26 | DN 0034, INV 1061 ఓడ కిరాయి తేడా | 240 | | 27,440 |
| మార్చి 12 | CN 0225, కొనుగోలు పరిమాణంపై రిబేటు | | 500 | 26,940 |
| మార్చి 15 | DN 0036, బ్యాంకు ఛార్జీలు | 30 | | 26,970 |
| మార్చి 18 | చెల్లింపు | | 17,670 | 9,300 |

వాళ్ళ లెక్కలో మనం ఇవ్వాల్సింది 9,300. మన టాలీ లెడ్జర్‌లో ఉన్నది 8,570. తేడా 730. స్టేట్‌మెంట్ మొత్తం వెతికినా 730 అనే అంకె ఎక్కడా కనిపించదు. టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- సప్లయర్ స్టేట్‌మెంట్, వీలైతే ఎక్సెల్ ఫైలుగా
- అదే కాలానికి మన లెడ్జర్, డాలర్ అంకెలతో. రూపాయల లెడ్జర్‌తో పోల్చడం మొదలుపెడితే రోజంతా కూర్చున్నా తేలదు.
- ప్రతి క్రెడిట్ నోటు, డెబిట్ నోటు కాపీ. స్టేట్‌మెంట్‌లో ఒక వరుస ఉన్నంత మాత్రాన ఎంట్రీ వేయకూడదు.
- బిల్ ఆఫ్ ఎంట్రీలు
- ప్రతి చెల్లింపుకీ స్విఫ్ట్ కాపీ
- తక్కువ సరుకు, ధర, కిరాయి గురించి కొనుగోలు విభాగానికీ సప్లయర్‌కీ మధ్య నడిచిన ఈమెయిళ్ళు

1. అది ఏ రకం స్టేట్‌మెంటో చూడండి

కొందరు సప్లయర్లు ఆ కాలంలో జరిగిన లావాదేవీలన్నీ చూపిస్తారు, పై పట్టికలో లాగా. ఇంకొందరు ఇంకా తీరని బిల్లులు మాత్రమే చూపిస్తారు. రెండో రకంలో, ఇన్వాయిస్‌తో సర్దుబాటు అయిపోయిన క్రెడిట్ నోటు అసలు కనబడదు. "మా క్రెడిట్ నోట్ ఎక్కించలేదు" అని మెయిల్ పెట్టే ముందు ఇది చూసుకోండి. తీరని బిల్లుల జాబితానే వస్తే, మొత్తం లావాదేవీలతో ఇంకొకటి పంపమని అడగండి.

అంకెలు రాసే పద్ధతి కూడా గమనించండి. జర్మనీ సప్లయర్ 18.600,00 అని రాస్తే అది పద్దెనిమిది వేల ఆరు వందలు. ఎక్సెల్‌లో దాన్ని నేరుగా అతికిస్తే అంకెగా కాకుండా ఉత్త అక్షరాలుగా నిలిచిపోయి కూడికలోకి రాకపోవచ్చు. అక్కడి స్టేట్‌మెంట్‌లో `Gutschrift` అని ఉంటే అది క్రెడిట్ నోటు.

2. పేరు వదిలేసి కాలమ్ చూడండి

స్టేట్‌మెంట్ వాళ్ళ పుస్తకంలోంచి తీసిన పేజీ. అందులో మనం వాళ్ళకు బాకీ ఉన్న కస్టమర్. కాబట్టి వాళ్ళ డెబిట్ కాలమ్‌లో ఏది పడినా మన బాకీ పెరుగుతుంది, క్రెడిట్ కాలమ్‌లో ఏది పడినా తగ్గుతుంది. మన లెడ్జర్‌లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది.

పేరు చూసి నిర్ణయించేస్తే దెబ్బతింటారు. మనం పంపిన డెబిట్ నోటును వాళ్ళు అంగీకరించి, దాని నంబరుతోనే "Customer DN" అని తమ క్రెడిట్ కాలమ్‌లో వేసుకోవచ్చు. పేరులో డెబిట్ ఉన్నా అది మన బాకీని తగ్గించే పద్దు. ఒకే కాలమ్ ఉన్న స్టేట్‌మెంట్లలో క్రెడిట్ నోటు -930.00 అనో, (930.00) అనో, 930.00 CR అనో ఉంటుంది. అనుమానం వస్తే పక్కనున్న నిల్వ చూడండి. ఆ వరుస దగ్గర నిల్వ పెరిగిందా, తగ్గిందా? దాన్ని మించిన రుజువు అక్కర్లేదు.

3. ఒక్కో నోటూ తెరిచి కారణం చదవండి

మన స్టేట్‌మెంట్‌లో నాలుగు నోట్లు ఉన్నాయి. నాలుగింటి కథా వేరు.

CN 0217: INV 1043లో 1,200 బేరింగులకు, ఒక్కోటి 15.50 చొప్పున బిల్లు వేశారు. పెట్టెలు విప్పి లెక్కపెడితే 60 తక్కువ. 60 × 15.50 = 930. అంటే ఇది అసలు ఇన్వాయిస్‌కి దిద్దుబాటు.

DN 0034: INV 1061 ఎఫ్ఓబీ ధర మీద జరిగింది. మన కోరిక మీద ఓడ వాళ్ళే బుక్ చేశారు, కిరాయి అనుకున్నదానికంటే 240 ఎక్కువైంది. ఒప్పుకునే ముందు ఓడ కంపెనీ బిల్లు కాపీ అడగండి. ఇదే ఇన్వాయిస్ సీఐఎఫ్ అయ్యుంటే కిరాయి ధరలోనే కలిసి ఉంటుంది. అప్పుడు ఈ నోటును తిప్పి పంపాలి.

CN 0225: మూడు నెలల కొనుగోళ్ళ మీద ఇచ్చిన రిబేటు. ఏ ఒక్క ఇన్వాయిస్‌కీ చెందదు. దీన్ని ఏ ఇన్వాయిస్‌లో తగ్గించుకోవాలో నోటు మీదే రాసి ఇమ్మని సప్లయర్‌ను అడగండి. తర్వాత బ్యాంకులో ఈ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది.

DN 0036: బ్యాంకు ఛార్జీలు 30. దీన్ని ఇప్పుడే ఒప్పుకోకండి. జనవరి 20న మనం పంపింది 12,400. వాళ్ళు జమ వేసుకున్నది 12,370. మధ్యలో ఉన్న బ్యాంకు 30 కోసుకుంది. 12,400 బాకీకి 12,370 మాత్రమే జమ వేసినప్పుడే ఆ 30 మన బాకీగా స్టేట్‌మెంట్‌లో మిగిలిపోయింది. మళ్ళీ 30కి డెబిట్ నోటు వేయడమంటే అదే సొమ్మును రెండోసారి అడగడం. కావాలని చేశారని అనుకోనక్కర్లేదు. వసూళ్ళు చూసేవాళ్ళు ఒకరు, బిల్లులు వేసేవాళ్ళు ఒకరు అయిన చోట ఇది మామూలే.

మొదటి 30 అయినా మనం భరించాలా అన్నది స్విఫ్ట్ కాపీలో తేలుతుంది. ఛార్జీల దగ్గర OUR అని ఉంటే బ్యాంకు ఛార్జీలన్నీ పంపినవాళ్ళవే, సప్లయర్‌కు పూర్తి సొమ్ము చేరాలి. అలా చేరకపోతే మన బ్యాంకును అడగాలి. SHA అని ఉంటే ఇక్కడి ఛార్జీలు మనవి, దారిలోవీ అవతలివీ వాళ్ళవి. BEN అయితే అన్నీ వాళ్ళవే. కొత్త తరహా కాపీల్లో ఇవే DEBT, SHAR, CRED అని కనిపిస్తాయి. మన చెల్లింపు SHA మీద వెళ్ళింది, కానీ కొనుగోలు ఆర్డర్‌లో "పూర్తి సొమ్ము చేరాలి" అని రాసి ఉంది. కాబట్టి ఆ 30 మనమే భరించాలి. ఒక్కసారి మాత్రమే.

4. ఎంట్రీలు వేయండి

సప్లయర్ క్రెడిట్ నోటు వస్తే టాలీప్రైమ్‌లో `Alt+F5`, అంటే డెబిట్ నోట్ వోచర్. సప్లయర్ ఖాతా డెబిట్, కొనుగోళ్ళు క్రెడిట్. సప్లయర్ నోటు నంబరు, తేదీ రిఫరెన్స్‌లో రాయండి. బిల్లుల వివరం అడిగినప్పుడు `Agst Ref` ఎంచుకుని అసలు ఇన్వాయిస్‌కి ముడిపెట్టండి. `New Ref` ఇస్తే నోటు విడిగా వేలాడుతూ ఉంటుంది. మొత్తం నిల్వ సరిపోతుంది గానీ బిల్లులవారీ జాబితా ఎప్పటికీ కుదరదు.

సప్లయర్ డెబిట్ నోటును మనం ఒప్పుకుంటే `F7` జర్నల్ వేయండి. సరుకు ఖరీదులో భాగమైతే పర్చేజ్ వోచర్ అయినా సరే. దిగుమతి కిరాయి గానీ, కొనుగోళ్ళు గానీ డెబిట్, సప్లయర్ ఖాతా క్రెడిట్. పేరు ఒకటేనని దీన్ని టాలీ డెబిట్ నోట్ వోచర్‌లో వేస్తే బాకీ పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటి ఉంది, మన ఉదాహరణలోనూ జరిగింది. 60 బేరింగులు తక్కువ వచ్చాయని తేలగానే స్టోర్స్ మాట మీద జనవరి 25న 930కి మనమే డెబిట్ నోటు వేసి సప్లయర్‌కు పంపాం. దానికి జవాబుగా ఫిబ్రవరిలో CN 0217 వచ్చింది. కొత్త కాగితం వచ్చింది కదా అని దానికీ ఒక ఎంట్రీ పడింది. రెండూ ఒకే విషయానికి సంబంధించిన కాగితాలు. లెక్కలోకి ఒకటే వెళ్ళాలి. ముందే మన డెబిట్ నోటు వేసి ఉంటే, సప్లయర్ క్రెడిట్ నోటు వచ్చినప్పుడు పాత వోచర్ తెరిచి నరేషన్‌లో దాని నంబరు రాసి ఊరుకోండి. మనం 930 అడిగితే వాళ్ళు 775కే ఒప్పుకున్నారనుకోండి, మిగతా 155 గురించి కొనుగోలు విభాగం తేల్చాక ఆ తేడా వరకే సవరించండి.

ఈ నోట్లకు జీఎస్టీ లెక్క కట్టకండి. విదేశీ సప్లయర్‌కు ఇక్కడ జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, అతని క్రెడిట్ నోటు మీ GSTR-2Bలోకి రాదు. సరుకు మీద ఐజీఎస్టీ మీరు కస్టమ్స్ దగ్గర బిల్ ఆఫ్ ఎంట్రీ మీద కట్టారు. ధర తగ్గినంత మాత్రాన అది తనంతట తాను తగ్గదు. కానీ సరుకే రాని సందర్భం వేరు. క్రెడిట్ తీసుకోవాలంటే సరుకు చేతికి అంది ఉండాలని సీజీఎస్టీ చట్టం 16(2) సెక్షన్ అంటుంది. కాబట్టి ఆ 60 బేరింగుల వంతు ఐజీఎస్టీ సంగతి మీ సీఏతో మాట్లాడాకే తేల్చుకోండి.

5. ఏ రేటుకు వేయాలి?

నేను పాటించే పద్ధతి చెబుతాను. మీ ఆడిటర్‌తో ఒకసారి అనుకుని, ఏడాది పొడుగునా అదే పాటించండి. ఇన్వాయిస్‌ను దిద్దే నోటుకు ఇన్వాయిస్ రేటు. రిబేటు లాంటి విడి నోటుకు ఆ నోటు తేదీ రేటు. బిల్ ఆఫ్ ఎంట్రీ మీద కనిపించే కస్టమ్స్ రేటు సుంకం లెక్కకే, దాన్ని దీనిలోకి తేవద్దు.

ఎందుకో లెక్కలో చూడండి. INV 1043ను డాలరు 86 రూపాయల చొప్పున 15,99,600కు ఎక్కించాం అనుకుందాం. క్రెడిట్ నోటు నాటికి రేటు 87, మార్చి 18న చెల్లించేనాటికి 86.50.

నోటును 86కే వేస్తే 79,980 తగ్గి, పుస్తకంలో 15,19,620 మిగులుతుంది. బ్యాంకు నుంచి వెళ్ళింది 17,670 × 86.50 = 15,28,455. మారకపు నష్టం 8,835. డాలరుకు 50 పైసల తేడా, 17,670 డాలర్ల మీద. సరిగ్గా అంతే రావాలి.

నోటును 87కు వేస్తే 80,910 తగ్గుతుంది, నష్టం 9,765గా కనిపిస్తుంది. అదనంగా వచ్చిన 930 రూపాయలకు అసలు ఆధారమే లేదు. ఆ 60 బేరింగులు ఎన్నడూ రాలేదు, వాటికి డబ్బూ కట్టలేదు. అయినా వాటి పేరున సరుకు ఖరీదు 930 తగ్గి, మారకపు నష్టం 930 పెరిగింది. చిన్న నోటు మీద ఇంత. ఇన్వాయిస్ పెద్దదై, నోటు నాలుగు నెలల తర్వాత వస్తే ఈ తేడా మార్జిన్‌లో కనబడుతుంది.

6. తేడాను రెండు వైపుల నుంచీ తేల్చండి

ఒకవైపు నుంచే సర్దుతూ పోతే సప్లయర్ తప్పు కూడా మన పుస్తకంలోకి ఎక్కేస్తుంది. రెండు కాలమ్‌లు గీసి, ఎవరి తప్పు వాళ్ళ కింద రాయండి.

మన వైపు: లెడ్జర్ నిల్వ 8,570. రెండుసార్లు పడ్డ 930 తిరిగి కలిపితే 9,500. వేయని DN 0034 కలిపితే 9,740. వేయని CN 0225 తీసేస్తే 9,240. దారిలో కోసుకున్న 30 కలిపితే 9,270.

వాళ్ళ వైపు: స్టేట్‌మెంట్ నిల్వ 9,300. రెండోసారి అడిగిన DN 0036 తీసేస్తే 9,270.

రెండూ 9,270 దగ్గర కలిశాయి. ఆ 730 తేడాలో అయిదు కారణాలు దాగి ఉన్నాయి, అందులో ఒకటి వ్యతిరేక దిశలో లాగుతోంది. తేడా అంకె కోసమే స్టేట్‌మెంట్‌లో వెతికితే దొరకనిది అందుకే.

తేడా వెతికేటప్పుడు రెండు పరీక్షలు ముందు చేయండి. తేడాను సగం చేసి ఆ అంకెకు నోటు ఉందేమో చూడండి. ఉంటే అది తప్పు వైపు పడి ఉండే అవకాశం ఎక్కువ. 500 నోటు తిరగబడి పడితే తేడా 1,000 వస్తుంది. తేడా సరిగ్గా ఒక నోటు అంతే ఉంటే, అది వేయలేదు, లేదా రెండుసార్లు వేశారు.

మార్చి 31 రేటుకు మార్చాల్సింది ఈ 9,270నే. తేల్చకముందే 8,570 మీద ముగింపు రేటు వేస్తే, దిద్దిన ప్రతిసారీ మారకపు లెక్క కూడా మళ్ళీ చేయాలి.

7. బ్యాంకు, కస్టమ్స్ పని మిగిల్చుకోకండి

టాలీలో INV 1043 మూసుకుపోయింది. కానీ బ్యాంకు చూసే దిగుమతి చెల్లింపుల రికార్డు ఐడీపీఎంఎస్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ విలువ 18,600, పంపిన సొమ్ము 17,670. అక్కడ 930 తెరిచే ఉంటుంది. CN 0217, సరుకు తక్కువ వచ్చినట్టు చూపే సర్వే రిపోర్టు లేదా స్టోర్స్ రిపోర్టు, సప్లయర్ ఒప్పుకున్న మెయిల్ జతచేసి మీ ఏడీ బ్యాంకుకు ఉత్తరం ఇవ్వండి. ఆ ఎంట్రీని మూయించడానికి 930 పంపేసి తర్వాత వెనక్కి తెప్పించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కట్టనక్కర్లేని సొమ్ము దేశం దాటుతుంది, దాన్ని వెనక్కి రప్పించడం ఇంకో పెద్ద పని. రిబేటు తగ్గించి INV 1061కు చెల్లించేటప్పుడు కూడా CN 0225 కాపీ బ్యాంకుకు ఇవ్వాలి. ఏ ఇన్వాయిస్‌లో తగ్గించుకోవాలో నోటు మీద రాయించుకోమన్నది ఇందుకే.

60 బేరింగులకు కూడా సుంకం కట్టేసి ఉంటారు. సప్లయర్ క్రెడిట్ నోటు చూపించగానే కస్టమ్స్ వెనక్కి ఇవ్వదు. ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ అసెస్‌మెంట్ సవరించాలి. కట్టిన సుంకం, పట్టే ఖర్చు పోల్చుకుని కస్టమ్స్ బ్రోకర్‌తో మాట్లాడండి.

డెబిట్ నోటు విషయంలో జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ ఉండాలి. DN 0034 ఒప్పుకున్నామంటే, కస్టమ్స్‌కు చూపిన కిరాయి కంటే అసలు కిరాయి ఎక్కువని మన కాగితమే చెబుతోంది. ఓడ కిరాయి సుంకం విలువలో భాగం. 240 చిన్న మొత్తమే అయినా బ్రోకర్‌కు తెలియజేసి, తేడా సుంకం కట్టాలో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆలస్యపు చెల్లింపుకు వడ్డీ అంటూ డెబిట్ నోటు వస్తే అది సరుకు ఖరీదు కాదు. విదేశీయులకు వడ్డీ కట్టేటప్పుడు టీడీఎస్ ప్రశ్న వస్తుంది, కాబట్టి సీఏ చూడకుండా ఆ సొమ్ము పంపకండి.

8. సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

టాలీలో ఆ సప్లయర్ బిల్లులవారీ బాకీ తెరవండి. INV 1043 కనబడకూడదు. INV 1061 కింద 9,500, దానికి ఎదురుగా రిబేటు 500 తగ్గి 9,000 ఉండాలి. తర్వాత DN 0034 తాలూకు 240, పాత ఇన్వాయిస్ మీద 30. మొత్తం 9,270. క్రెడిట్ నోటు పేరున విడిగా వేలాడే `New Ref` ఒక్కటి కూడా ఉండకూడదు.

తర్వాత ఆ రెండు కాలమ్‌ల కాగితాన్నే సప్లయర్‌కు పంపండి. "DN 0036 సొమ్ము జనవరి 20 జమలో ఇప్పటికే మా బాకీగా ఉంది, దీన్ని క్రెడిట్ నోటుతో రద్దు చేయండి, మార్చి 31 నాటికి 9,270 అని ధ్రువీకరించండి" అని రెండు ముక్కల్లో రాయండి. వాళ్ళు దాన్ని రద్దు చేస్తూ పంపే క్రెడిట్ నోటుకు మన పుస్తకంలో ఎంట్రీ వేయకూడదు, ఎందుకంటే DN 0036ను మనం అసలు ఎక్కించలేదు. ఆ క్రెడిట్ నోటును ఫైల్‌లో పెట్టి, దాని మీద "ఎంట్రీ అక్కర్లేదు, DN 0036 రద్దు" అని రాసి సంతకం చేయండి. ఏప్రిల్ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఆ 30 వాళ్ళ క్రెడిట్ కాలమ్‌లో పడిందా లేదా అన్నది.